మార్చి ఏడు, మధ్యాహ్నం తర్వాత

గడియారాల మేస్త్రికి లోకంలో నమ్మకం లేనివి రెండే రెండు: ఒకటి బ్యాటరీ, రెండోది ఇంకొకరు చెప్పిన టైము. నలభై ఏళ్ళుగా అందరి గడియారాలూ తన చేతిలో కుదురుకుంటుంటే, తనకు టైము చెప్పడానికి ఎవరైనా పుట్టారా అన్నది ఆయన ధీమా. అందుకే మరదలు టాబ్లెట్టు కొనిపెట్టిన రోజునే, "ఇది తనంతట తానే టైము సరిచేసుకుంటుంది బావా" అని ఆమె మురిసిపోతూ చెప్పగానే, ఆ సదుపాయాన్ని ఆపించేశాడు. ఎక్కడో కూర్చున్నవాళ్ళు నా షాపులో టైము పెట్టడమేమిటి, ముల్లు తిప్పేది నేను, అన్నాడు.

టాబ్లెట్టు మటుకు పనికొచ్చింది. గడియారం విప్పేటప్పుడు ఒక్కో మర తీసే ముందు ఒక్కో ఫొటో తీయడం ఆయన పద్ధతి. మళ్ళీ బిగించేటప్పుడు ఆఖరి ఫొటో నుంచి మొదటి ఫొటో దాకా వెనక్కి నడుచుకుంటూ రావడమే. తీసిన ఫొటోలు వాటంతటవే క్లౌడ్‌లోకి ఎక్కి, ఏ తేదీవి ఆ తేదీ పేరున్న ఫోల్డర్లో సర్దుకుంటాయి. టాబ్లెట్టులో చోటు తక్కువ కాబట్టి అక్కడికి ఎక్కగానే ఇక్కడ చెరిగిపోతాయి. ప్రతి సోమవారం పొద్దున షాపు ఊడ్చినట్టే ఆయన ఈ ఫోల్డర్లు కూడా ఊడుస్తాడు. పని అయిపోయినవీ, చెత్తవీ తీసి బుట్టలో వేస్తాడు, బుట్ట కూడా అప్పటికప్పుడే ఖాళీ చేస్తాడు. చెత్తను ఇంట్లో దాచుకునేవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారా అని ఆయన ప్రశ్న. ప్రశ్న బాగానే ఉంది. కొంప ముంచింది అదే.

ఏప్రిల్ రెండో తారీఖున, ఆర్డరిచ్చి చేయించిన స్ప్రింగు పార్సిల్లో వచ్చింది. మేస్త్రి హుషారుగా చేతులు కడుక్కుని, బల్ల మీద గుడ్డ పరిచి, నాలుగు వారాలుగా డబ్బాల్లో ఉన్న మరలన్నీ బయటికి తీశాడు. అవి ఆపరేటర్ గారి గడియారానివి. ఆపరేటర్ గారంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. ఆయన చిన్నప్పుడు లేతు మిషను మీద పనిచేసే వాళ్ళ నాన్న, కొడుక్కి టైము తెలియాలని ఇంట్లోనే కూర్చుని చేసిన గడియారం అది. మోగే గంటలు అయిదు, వాటిని కొట్టే బుల్లి సుత్తులు ఏడు. ఏ వేళకు ఆ వేళ వేరే పాటలా మోగుతుంది. అలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదు. దానికి పుస్తకం లేదు, పటం లేదు, చేసినవాడూ లేడు. దాని గుట్టంతా ఆ ఫొటోల్లోనే ఉంది.

మేస్త్రి మార్చి ఏడు అన్న ఫోల్డరు తెరిచాడు. ఆ రోజు శనివారం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విప్పుతూనే ఉన్నాడు. ఫొటోలు ఎనభై ఆరు ఉన్నాయి. డయలు, ముళ్ళు, వెనక పలక, పెద్ద చక్రాలు వరసగా ఉన్నాయి. ఎనభై ఆరోది పదకొండూ యాభై ఎనిమిదికి తీసినది. అంతే, ఆ తర్వాత లేవు. సుత్తులు లేవు, వాటి తీగలు లేవు, గంటలు లేవు. వంద పైచిలుకు ఫొటోలు గాలికి పోయాయి.

కిందకి జరిపాడు, పైకి జరిపాడు, టాబ్లెట్టు ఆపి మళ్ళీ పెట్టాడు. పక్క ఫోల్డర్లు చూశాడు, అక్కడ వేరేవాళ్ళ గడియారాలు. బుట్ట చూశాడు, తనే ఖాళీ చేసిన బుట్ట శుభ్రంగా ఖాళీగా ఉంది. అన్నం వేళకి లేచాను, తిని వచ్చాను, మళ్ళీ మొదలుపెట్టాను, తీశాను కదా? తీశాననుకున్నానా? నలభై ఏళ్ళలో ఆయన తన చేతిని అనుమానించడం అదే మొదలు.

సాయంత్రం మరదలు వచ్చింది. పార్సిల్ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ ఆవిడది; పోయిన వస్తువుల గురించి రోజుకు వందమంది ఏడుపు వినే మనిషి కాబట్టి కంగారు పడలేదు. కుర్చీ లాక్కుని, చెప్పు బావా రాస్తాను అంది. క్లౌడ్ కంపెనీవాళ్ళ సాయం పేజీలో, బుట్టలోంచి పోయినవి కూడా ముప్పై రోజుల లోపల అడిగితే తిరిగి పెట్టే ప్రయత్నం చేస్తామని ఉంది. ఆ లెక్కన, మేస్త్రి బుట్ట ఖాళీ చేసిన మొదటి సోమవారం మార్చి తొమ్మిది అయితే, గడువు ఏప్రిల్ ఎనిమిది. చేతిలో ఆరు రోజులున్నాయి.

ఉత్తరం ఇలా తయారైంది:

"అయ్యా, ఈ ఉత్తరం ఏ చిరునామా నుంచి వస్తోందో నా ఖాతా దాని పేరు మీదే ఉంది. 'కెమెరా అప్‌లోడ్లు' అనే ఫోల్డర్లో, మార్చి 7 అనే ఫోల్డర్లో నేను తీసిన ఫొటోలు సుమారు రెండు వందలు ఉండాలి. 86 మాత్రమే ఉన్నాయి. పగలు 11:58 తర్వాత, సాయంత్రం ఆరు దాకా తీసినవి కనిపించడం లేదు. పొరపాటున డిలీట్ అయ్యాయి. ఎప్పుడన్నది తెలియదు, మార్చి 7కీ ఏప్రిల్ 2కీ మధ్య. బుట్ట ప్రతి సోమవారం ఖాళీ చేస్తాను, మొదటిసారి మార్చి 9న. వాడేది ఒక్క టాబ్లెట్టే. దయచేసి వాటిని తిరిగి పెట్టించండి."

"ఇంకెవరైనా వాడతారా అని అడుగుతారు బావా, ముందే రాసేద్దాం," అంది మరదలు.

మేస్త్రి లోపలి గుమ్మం వైపు ఒక చూపు చూశాడు. షాపు వెనకాలే ఇల్లు. భార్య అక్కడ బట్టలు మడతపెడుతోంది. ఆవిడ సెలవు రోజున టాబ్లెట్టులో సీరియళ్ళు చూస్తుంది. ఈ మధ్య వరసగా ప్రతి ఆదివారం పేరుతోనూ ఒక ఫోల్డరు తయారవుతోంది, ఆదివారం షాపే తీయం కదా, చెయ్యి తగిలి ఏవేవో తీసేస్తోందని ఆయన చాలాసార్లు సణుక్కుని, తెరిచైనా చూడకుండా వాటిని ఊడ్చిపారేశాడు. ఇప్పుడా సణుగుడు గుర్తొచ్చి అరికాలి మంట నెత్తికెక్కింది.

"రాయి," అన్నాడు. "పని చేసింది నేనొక్కణ్ణే. కానీ టాబ్లెట్టును ఇంట్లోవాళ్ళు కూడా ముట్టుకుంటారు, అని రాయి."

లోపల బట్టల చప్పుడు ఆగిపోయింది. మరదలు ఒక్క క్షణం వేళ్ళు ఆపి, బావ మొహం చూసి, ఆ రెండు వాక్యాలూ కొట్టింది. కొట్టినదాన్ని అలవాటు ప్రకారం పైకి చదివింది కూడా. ఆఫీసులో అలా చదివి వినిపించాలని రూలు. ఇంట్లో ఆ రూలు లేకపోతే బాగుండేది.

ఆ రాత్రి ఆవిడ మొగుణ్ణి ఒకే ఒక్క మాట అడిగింది, నేను తీసేశాననేనా నీ అనుమానం అని. మేస్త్రి పక్కకి తిరిగి పడుకున్నాడు. ఇంకెవరు తీస్తారు అన్నాడు. అంతే, మర్నాటి నుంచి ఆవిడ షాపులోకి రావడం మానేసింది. అన్నం పెట్టి పక్కకి తప్పుకుంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంటో రెండు గంటలో షాపులో కూర్చోవడం పెళ్ళయిన కొత్తలోంచీ ఆవిడకున్న అలవాటు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. మేస్త్రి దాన్ని చూశాడు గానీ, చూసినట్టు తనకే ఒప్పుకోలేదు.

కంపెనీ నుంచి మొదటి జవాబు నిమిషంలో వచ్చింది. మీ ఉత్తరం అందింది, దీని నంబరు ఇది, అని. రెండోది మర్నాడొచ్చింది: బుట్టలో చూశారా, వేరే ఖాతాతో లాగిన్ అయ్యారేమో చూశారా, ఇంటర్నెట్ ఉందా. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. మరదలు ఓపిగ్గా అన్నిటికీ అవును, కాదు, ఉంది అని రాసి, ఫోల్డరు పేరు, తేదీ, వేళ మళ్ళీ ఒకసారి విడమరిచి పంపింది. మధ్యలో శనాదివారాలు గడిచాయి. సోమవారం సాయంత్రం అసలు మనిషి రాసిన జవాబు వచ్చింది:

"మీరు చెప్పిన ఖాతాలో, మార్చి 7 ఫోల్డరు రికార్డు చూశాము. అందులో ఇప్పటిదాకా చేరిన ఫొటోలు మొత్తం 86. దానిలోంచి ఏదీ ఎప్పుడూ డిలీట్ కాలేదు. దయచేసి తేదీ, ఫోల్డరు పేరు మరోసారి సరిచూసుకుని చెప్పగలరు."

మరదలు రెండుసార్లు చదివింది. మేస్త్రి కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. డిలీటే కాలేదట. మరైతే పోయినవి ఎలా పోయాయి? పోలేదంటే ఎక్కడున్నాయి? ఎక్కడా లేవంటే అసలు తీయలేదా? తీయకపోతే నూట చిల్లర మరలు ఫొటో లేకుండా విప్పే మనిషినా నేను? ఒక ప్రశ్న పట్టుకుని లాగితే దాని వెనక ఇంకోటి వస్తోంది. నీకేమైనా తెలుస్తోందా అని మరదల్ని అడిగితే, నాకు తెలిసిందల్లా అక్క డిలీట్ చేయలేదన్నదొక్కటే అంది. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది ఆయనకి. తను అన్న మాట అక్కడే ఉంది, దాన్ని వెనక్కి తీసుకుందామంటే దానికి ముందు ఈ లెక్క తేలాలి కదా అని మొండికేశాడు. మొండికేసినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మంగళవారం, అంటే ఏడో తారీఖు, సాయంత్రం నాలుగు దాటాక ఆపరేటర్ గారు చేతికర్ర తట్టుకుంటూ వచ్చారు. స్ప్రింగు వచ్చిందని మేస్త్రి పోయిన వారం తొందరపడి ఫోను చేసి చెప్పేశాడు మరి. ఆయన్ని కూర్చోబెట్టి, దాచకుండా ఉన్నదంతా చెప్పాడు. ఫొటోలు పోయాయనీ, రేపటితో గడువనీ, అవి లేకపోతే గడియారం నడుస్తుంది గానీ సుత్తులు ఏ గంట మీద ఏ వరసలో పడాలో తనకు తెలియదనీ, అది మోగుతుంది గానీ మీ నాన్నగారి మోతలా మోగదనీ చెప్పాడు.

ఆపరేటర్ గారు కర్రను మోకాళ్ళ మధ్యకి జరుపుకున్నారు. ఫోను టైము చెబుతూనే ఉందిలెండి, అన్నారు. టైముకి లోటు లేదు. ఇంట్లో ఇంకొకరు ఉన్నట్టు మాత్రం ఉండటం లేదు.

భార్య టీ తెచ్చింది. మొగుడి వైపు చూడకుండా ఆపరేటర్ గారి చేతికి కప్పు అందించి, పట్టుకున్నారో లేదో చూసి వదిలింది. రోడ్డు మీద రద్దీ పెరగకముందే వెళ్ళాలి, టైమెంతయిందని ఆయన అడిగితే, మేస్త్రి టాబ్లెట్టు వైపు చూసి నాలుగుంబావు అన్నాడు.

ఆపరేటర్ గారు నవ్వారు. "ఏ నాలుగుంబావు?"

మేస్త్రికి అర్థం కాలేదు.

"మా అమ్మను అలాగే అడిగేవాణ్ణి. నాన్న గడియారంలో అదొక్కటే లోటు. నాలుగు మోగిందంటే తెల్లవారుజాము నాలుగా, సాయంత్రం నాలుగా? నాకు వెలుగూ చీకటీ ఒకటేగా. లేచి మొహం కడుక్కుని కూర్చునేవాణ్ణి. అమ్మ వచ్చి, ఒరేయ్ ఇది ఆ నాలుగు కాదురా, పడుకో, అనేది."

భార్య నవ్వింది. అయిదు రోజుల తర్వాత ఆ షాపులో వినబడిన మొదటి నవ్వు అది. నవ్వుతూనే మొగుడి కప్పు పెట్టడానికి బల్ల మీద చోటు చేస్తూ టాబ్లెట్టు పక్కకి జరిపింది. జరిపి, ఆగింది.

"ఈవేళ ఏడు కదూ? ఇందులో ఎనిమిదని ఉందేం?"

మేస్త్రి చటుక్కున లేచాడు. ఎనిమిదా? గడువు ఈవేళేనా? గబగబా గోడ మీది క్యాలెండరు చూశాడు, పేపరు తిరగేసి చూశాడు. రెండూ ఏడనే చెప్పాయి. టాబ్లెట్టు ఒక్కటే ఎనిమిదంటోంది. పొద్దున షాపు తీసినప్పుడు అదే టాబ్లెట్టులో ఏడని ఉండటం తన కళ్ళతో చూశాడు. మరి ఒక్క పూటలో రేపటికి ఎలా వెళ్ళింది?

ఏ నాలుగుంబావు.

సెట్టింగులు తెరిచాడు. పై అంచున టైము పక్కన ఏమీ ఉండదు, అంకెలే. లోపల, తేదీ మార్చే చోట, అంకెల పక్కన చీమతలంత అక్షరాలున్నాయి. కంటి మీద భూతద్దం పెట్టుకుని చూశాడు. ఏ.యమ్. సాయంత్రం నాలుగుంబావును ఆ పెట్టె రేపటి తెల్లవారుజాము అనుకుంటోంది.

అప్పుడు గుర్తొచ్చింది. మార్చి ఆరు, శుక్రవారం పొద్దున. ముందురోజు ఛార్జింగు పెట్టడం మరిచిపోతే టాబ్లెట్టు పూర్తిగా చచ్చిపోయి, లేచాక ఏదో పాత తేదీ చూపించింది. గోడ గడియారం చూసి తొమ్మిదని తనే పెట్టాడు. తేదీ పెట్టాడు, గంట పెట్టాడు, నిమిషం పెట్టాడు. ఆ చిన్న అక్షరాల జోలికి పోలేదు. గడియారాలవాడికి డయలు మీద పన్నెండే గంటలు; పగలా రాత్రా అన్నది కిటికీ చెబుతుంది. పొద్దుటి తొమ్మిదిని అది రాత్రి తొమ్మిదనుకుంది. ఆ రోజు నుంచీ దానికి మిట్టమధ్యాహ్నమే అర్ధరాత్రి. శనివారం అన్నం తిని వచ్చి తీసిన ఫొటోలన్నీ దాని లెక్కలో ఆదివారానివి.

ఆదివారం ఫోల్డరు. షాపు తీయని రోజు ఫొటోలెక్కడివి, చెత్త, అని మార్చి తొమ్మిదిన తన చేత్తో తీసి, తన చేత్తో బుట్ట ఖాళీ చేసిన ఫోల్డరు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దొంగను ఎక్కడెక్కడో వెతికాడు పాపం. స్టూలు మీద కూలబడ్డాడు. భార్యను పేరు పెట్టి పిలవబోయి, మానుకుని, టాబ్లెట్టే ఆవిడ వైపు తిప్పి పెట్టాడు. ఆవిడకి అందులో సగం అర్థమైంది, మొగుడి మొహంలో మిగతా సగం. ముందు చెల్లికి ఫోను చెయ్యి, ఏడుపులు తర్వాత, అంది.

మరదలు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడే రాసింది. "మేమిచ్చిన తేదీ తప్పు. టాబ్లెట్టు గడియారం పన్నెండు గంటలు ముందుంది. మాకు కావలసినది మార్చి 8 ఫోల్డరు మొత్తం. 'కెమెరా అప్‌లోడ్లు'లోంచి మార్చి 9 సోమవారం పొద్దున మేమే డిలీట్ చేసి, వెంటనే బుట్ట ఖాళీ చేశాం. రేపటితో ముప్పై రోజులు. దయచేసి ముందు దీన్ని చూడండి." పాత నంబరు కిందనే పంపింది, కొత్త నంబరు పడితే మళ్ళీ మంత్రం మొదట్నుంచీ చదువుతారని.

బుధవారం పొద్దుటి నుంచి మేస్త్రి ఏ గడియారం మీదా చెయ్యి వేయలేదు. మధ్యాహ్నం రెండింటికి జవాబు వచ్చింది. ఫోల్డరు దొరికింది, నూట ఇరవై ఆరు ఫొటోలు, పాత చోటే పెట్టాము, చూసుకోండి.

తెరిచాడు. మొదటి ఫొటోలో ఏడు సుత్తుల పలక. దాని మీద, ఎడమవైపు మొదటి సుత్తిని చూపిస్తూ ఒక చూపుడు వేలు. ఆ వేలికి తెల్లటి గుడ్డ కట్టు.

తర్వాతి ఫొటోలో అదే వేలు రెండో సుత్తి మీద. ఆ తర్వాత తీగ కొక్కెం మీద. ఆ తర్వాత స్క్రూ మీద. ఏది ముందు తీశారో, ఏది ఎక్కడ తగిలించి ఉందో, ఒక్కో ఫొటోలో ఒక్కో చోట ఆ వేలు చూపిస్తూనే ఉంది. నూట ఇరవై ఆరింటిలోనూ ఉంది. ఒక చేత్తో దీపం పట్టుకుని, రెండో చేత్తో ఆ వేలు పెట్టి, శనివారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరు దాకా ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని ఉంది. ఆ రోజు ఆవిడ అక్కడ ఉందన్న సంగతి ఆయన మరిచిపోలేదు. అసలు లెక్కలోకే తీసుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉన్న మనిషిని బల్లను చూసినట్టే చూశాడు.

లేచి లోపలికి వెళ్ళాడు. భార్య కూరగాయలు తరుగుతోంది.

"ఆ రోజు వేలికేమైంది?"

"ఏ రోజు?"

"గడియారం విప్పిన రోజు. కట్టు ఉంది."

ఆవిడ తన చూపుడు వేలు తిప్పి చూసుకుంది. సన్నటి గీత మాత్రం మిగిలింది. "తెగింది. మానిపోయింది," అంది.

నెలరోజుల కిందటి గాయం. మానిపోయాక అడుగుతున్నాడు. మేస్త్రి ఆవిడ పక్కన పీట మీద కూర్చుని, తప్పైపోయింది నాది, అన్నాడు. ఆవిడ కత్తి పక్కన పెట్టింది. తర్వాత, ఆ మాట ఉత్తరంలో రాయించినంత గట్టిగా అనలేదే, అంది. అంటూనే లేచి చేతులు కడుక్కుని, షాపులోకి నడిచి తన కుర్చీలో కూర్చుంది.

మూడు రోజులు పట్టింది బిగించడానికి. ఆఖరి ఫొటో నుంచి వెనక్కి, ఆ వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ బిగించుకుంటూ వచ్చాడు. శనివారం అయిదింటికి ఆపరేటర్ గారు వచ్చి కూర్చున్నారు. ముల్లు పైకి చేరింది. మూడు గంటలు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా మోగాయి, నాలుగోది గట్టిగా, మళ్ళీ మొదటిది. ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, మోత పూర్తిగా ఆగేదాకా కదల్లేదు. ఆగాక, ఇదే అయిదు, అన్నారు. కళ్ళు తుడుచుకుని, సాయంత్రం అయిదేగా, అని అడిగారు.

ఆయన వెళ్ళాక మేస్త్రి మరదల్ని కుర్చీ లాక్కోమన్నాడు. కంపెనీవాళ్ళకి ఇంకో ఉత్తరం రాయాలట. పని అయిపోయింది కదా బావా, నంబరు కూడా మూసేశారు, వాళ్ళు ఇక చదవరు, అంది ఆమె. రాయి, అన్నాడు.

"అయ్యా, ఫొటోలు అందాయి. కృతజ్ఞతలు. నా మొదటి ఉత్తరంలో పని చేసింది నేనొక్కణ్ణే అని రాశాను. అది తప్పు. పని చేసింది ఇద్దరం. డిలీట్ చేసింది మాత్రం నేనొక్కణ్ణే."

"మూసేసిన నంబరు బావా, నిజంగా ఎవరూ చూడరు," అంది మరదలు.

"వాళ్ళు చూడకపోతే పోయె," అన్నాడు మేస్త్రి. "మొదటిది చదివినట్టే దీన్ని కూడా పైకి చదువు. మీ అక్క వింటోంది."